పెద్ద వ్యాసంలో ఇంగ్లీషు మాటల స్పెల్లింగు చివరిదాకా ఒకేలా ఉండాలంటే

ప్రశ్న: కంప్యూటర్‌లో ఫైళ్లు భద్రపరచుకోవడం గురించి చాలా పెద్ద వ్యాసం రాశాను. చదివిన మిత్రుడు ఒకచోట ఫైల్, ఇంకోచోట ఫైలు, మరోచోట ఫైల్స్ అని ఉందన్నాడు. సర్వర్, ప్రోగ్రామ్ లాంటి మాటలదీ అదే గతి. ఫైండ్ అండ్ రీప్లేస్ కొడితే ఇంకా చెడింది. దీన్ని పద్ధతిగా సరిచేసే దారి ఉందా?

సమాధానం:

ఉంది. కాకపోతే రీప్లేస్ అనేది అందులో చివరి పని. ముందు ఏ రూపం కావాలో తేల్చుకోవాలి, తర్వాత వ్యాసంలో ఏయే రూపాలు ఉన్నాయో బయటికి లాగాలి, ఆ తర్వాతే మార్చాలి.

చాలామంది మాటకు ఒక స్పెల్లింగు చొప్పున జాబితా రాసుకుంటారు: ఫైల్, సర్వర్, ప్రోగ్రామ్. అది రెండో పేజీకే చేతులెత్తేస్తుంది. తెలుగు వాక్యంలో నామవాచకం ఒంటరిగా నిలబడేది తక్కువ. లో, కు, ను, తో, లు ఏదో ఒకటి అంటుకునే వస్తుంది. ఫైల్ అని నిర్ణయించుకున్నారు సరే, మరి ఫైల్‌లోనా, ఫైల్లోనా, ఫైలులోనా? బహువచనం ఫైల్‌లా, ఫైల్స్ అనాలా, ఫైళ్లు అనాలా? జాబితాలో వీటికి జవాబు లేకపోతే రాసే చెయ్యి ఆ పూటకు తోచింది రాసేస్తుంది. కాబట్టి తేల్చుకోవాల్సిన మొదటి సంగతి మాట చివర ఏముండాలన్నది: పొల్లా, ఉకారమా?

ఉకారం ఉంటే ప్రత్యయాలు తెలుగు మాటకు అంటుకున్నట్టే అంటుకుంటాయి. ఫైలు, ఫైలులో, ఫైలును, ఫైళ్లు, ఫైళ్లలో. పొల్లు ఉంటే ప్రత్యయం ముందు ఒక కనిపించని అక్షరం పెట్టాల్సి వస్తుంది. యూనికోడ్‌లో దాని సంఖ్య U+200C, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది పెడితే పొల్లు పొల్లుగానే నిలిచి ప్రత్యయం పక్కన వస్తుంది. పెట్టకపోతే తర్వాతి హల్లు వత్తుగా కిందికి దిగుతుంది. సర్వర్‌కు, సర్వర్కు: రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. కీబోర్డును బట్టి ఈ అక్షరం ఒకచోట పడుతుంది, ఒకచోట పడదు. ఒకే వ్యాసాన్ని సగం ఫోన్ మీద, సగం కంప్యూటర్ మీద రాస్తే ఈ రెండు రకాలూ కలగాపులగంగా వచ్చేస్తాయి.

అన్నిటికీ ఒకే నియమం పెట్టాలన్న ఉబలాటం వద్దు. అన్నీ పొల్లుతో రాస్తే బస్, కార్, సీట్ అని వ్యాసం ప్రకటన బోర్డులా ఉంటుంది. అన్నీ ఉకారంతో రాస్తే సర్వరు, కంప్యూటరు, ఎడిటరు అని పాతకాలపు వాసన వేస్తుంది. నేను వాడే పరీక్ష బహువచనం. మాటను నోటితో బహువచనం చేసి చూడండి. ఫైళ్లు, సీట్లు, కార్డులు, బస్సులు అని తెలుగు బహువచనం తడుముకోకుండా వచ్చి, అది ఉకారాంతాన్నే గుర్తుచేస్తే ఆ మాటకు ఉకారం. ఇమెయిల్ లాంటి మాట దగ్గర నోరు తడబడి స్ వైపు పోతుంటే పొల్లు. ర్, న్‌తో ముగిసే మాటలకు ఈ పరీక్ష తేల్చదు. సర్వర్లు, ఫోన్లు అన్నవి ఎటు నుంచైనా వస్తాయి. వాటిని నేను గంపగుత్తగా పొల్లులో వేస్తాను. వాటికి లు మాత్రం కలిపేసి రాస్తాను, మిగతా ప్రత్యయాలకు కనిపించని అక్షరం పెడతాను: సర్వర్లు, సర్వర్లలో, కానీ సర్వర్‌లో, సర్వర్‌కు. ర్లు, న్లు చదవడానికి ఎవరికీ ఇబ్బంది లేదు, ర్కు దగ్గరే కన్ను తట్టుకుంటుంది. మీరు వేరేలా నిర్ణయించుకోవచ్చు, నాకు పేచీ లేదు. నిర్ణయం కాగితం మీద ఉండాలి, అంతే.

మకారంతో ముగిసేవి మరో గుంపు. ప్రోగ్రామ్, ప్రోగ్రాం, ప్రోగ్రాము మూడూ వాడుకలో ఉన్నాయి. ఇక్కడ నా ఓటు సున్నకు. సున్న తర్వాత ప్రత్యయం నేరుగా వచ్చేస్తుంది, కనిపించని అక్షరంతో పని ఉండదు: ప్రోగ్రాంలో, ప్రోగ్రాంలు, టీంకు, సిస్టంతో. ఒక్క మెలిక ఉంది. అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం వస్తే సున్న నిలవదు, మకారం తిరిగి రావాల్సిందే: ప్రోగ్రామే, ప్రోగ్రామైనా. ఇది తప్పు కాదు. అదే మెలిక ఫైలుకూ సర్వర్‌కూ ఉంది: ఫైలే, సర్వరే. అచ్చు తగలగానే ఉకారం పోతుంది, పొల్లూ పోతుంది, రెండు పద్ధతుల మధ్య తేడాయే మిగలదు. తర్వాత వెతికేటప్పుడు సర్వరే కనబడి, అరే ఇది జాబితాలో లేదే అని దాన్ని సర్వర్‌ఏ అని మార్చిన ప్రతి నా బల్ల మీదికి వచ్చిన సందర్భం ఉంది.

ఇంకో చోట కూడా జాబితా ముందే మాట్లాడాలి: రెండు ఇంగ్లీషు మాటలు జంటగా వచ్చినప్పుడు. ఒంటరిగా ఫైలు అని రాసేవాళ్లు కూడా ఫైల్ సిస్టం అంటారు. బస్సు అనేవాళ్లే బస్ స్టాప్ అంటారు. జంటలో మొదటి మాటకు ఉకారం తీసేయడం భాషలో ఉన్న అలవాటే, దాన్ని సరిచేయబోకండి. జాబితాలో ఒక గడిగా చేర్చుకోండి. అప్పుడు ఒక్కో మాట వరస ఇలా ఉంటుంది:

ఫైలు | ఫైలులో, ఫైలును | ఫైళ్లు, ఫైళ్లలో | ఫైలే | జంటలో ఫైల్
సర్వర్ | సర్వర్‌లో, సర్వర్‌ను | సర్వర్లు, సర్వర్లలో | సర్వరే | జంటలో సర్వర్
ప్రోగ్రాం | ప్రోగ్రాంలో, ప్రోగ్రాంను | ప్రోగ్రాంలు, ప్రోగ్రాంలలో | ప్రోగ్రామే | జంటలో ప్రోగ్రాం

వ్యాసంలోని ప్రతి మాటకూ ఈ వరస రాయనక్కర్లేదు. గుంపుకు ఒక మాట చాలు. మిగతావి ఏ గుంపులో పడతాయో పక్కన పేరు రాసుకుంటే సరిపోతుంది. విడి స్పెల్లింగులో తేడాలున్న మాటలు మాత్రం విడిగా రాసుకోవాలి: ఫోటోనా ఫొటోనా, వీడియోనా విడియోనా, ఇంజనీరా ఇంజినీరా, బ్యాంకా బాంకా. వీటికి తర్కం వెతకడం దండగ, ఏదో ఒకటి ఎంచుకోండి.

ఇక వ్యాసంలో నిజంగా ఏమున్నాయో తెలుసుకోవడం. కళ్లతో చదువుతూ పట్టుకుందామంటే కుదరదు. రాసినవాడి కన్ను ఫైల్‌నీ ఫైలునీ ఒకటిగానే చదివేస్తుంది, అదే కదా సమస్య. నేను చేసేది ఇది: ప్రతి మాటలోనూ గుణింతం గుర్తులు, పొల్లు, కనిపించని అక్షరాలు తీసేసి, హల్లుల అస్థిపంజరం మాత్రం మిగిల్చి, ఒకే అస్థిపంజరం ఉన్న మాటల్ని ఒకచోటికి చేరుస్తాను. ఫైల్, ఫైలు రెండూ ఫల అవుతాయి. ళకారాన్ని లకారంగా, షకార శకారాలను సకారంగా, సున్నను, నకారాన్ని మకారంగా లెక్కేస్తే ఫైళ్లు, ప్రోగ్రామ్, ఇంగ్లిష్ లాంటివి కూడా తమ గూటికి చేరతాయి. వ్యాసాన్ని మామూలు టెక్స్ట్‌గా, vyasam.txt అన్న పేరుతో, UTF-8లో భద్రపరచి ఈ పైథాన్ ప్రోగ్రాం ముక్క నడపండి:

```python
import re, unicodedata
from collections import Counter, defaultdict

t = unicodedata.normalize("NFC", open("vyasam.txt", encoding="utf-8").read())
words = Counter(re.findall("[\u0C00-\u0C7F\u200C\u200D]+", t))
groups = defaultdict(list)

for w, n in words.items():
    k = re.sub("[\u200C\u200D]", "", w).replace("్య", "")
    k = re.sub("[\u0C3E-\u0C56]", "", k)
    k = k.translate(str.maketrans("ళషశనంఈఏఓ", "లససమమఇఎఒ"))
    k = re.sub(r"(.)\1+", r"\1", k)
    groups[k].append((w, n))

for k in sorted(groups):
    if len(groups[k]) > 1:
        print(k, groups[k])
```

ఇందులో రెండు సంగతులు చెప్పాలి. మాటల్ని విడదీయడానికి `\w+` వాడబోకండి. పైథాన్ `re`లో అది గుణింతం గుర్తుల్ని, పొల్లును అక్షరాలుగా లెక్కపెట్టదు, ఫైలు అన్న మాట ముక్కలైపోతుంది. అందుకే తెలుగు అక్షరాల పరిధిని నేరుగా ఇచ్చాను. రెండోది NFC. ఐత్వం గుర్తును యూనికోడ్‌లో ఒకే అక్షరంగా (U+0C48) రాయవచ్చు, రెండు ముక్కలుగా (U+0C46, U+0C56) కూడా రాయవచ్చు. తెర మీద రెండూ ఒకటే ఫై. వెతుకులాటలో మాత్రం వేరు కావచ్చు. ఆ వరుస రెండింటినీ ఒకటి చేస్తుంది.

ఫైలు గుంపు దగ్గర బయటికి వచ్చేది ఈ తీరులో ఉంటుంది:

```
ఫల [('ఫైల్', 63), ('ఫైలు', 41), ('ఫైల్\u200cలో', 18), ('ఫైల్లో', 7), ('ఫైళ్లు', 12), ('ఫైళ్ళు', 5)]
```

`\u200c` అని బయటపడి కనిపిస్తోంది చూడండి. పైథాన్ మాటను జాబితాలో చూపేటప్పుడు కనిపించని అక్షరాన్ని ఇలా రాసి చూపిస్తుంది. అందుకే అందంగా అచ్చువేసే ప్రయత్నం చేయకుండా జాబితాను జాబితాగానే వదిలేశాను. పక్కనున్న అంకె ఆ రూపం ఎన్నిసార్లు వచ్చిందో చెబుతుంది. ఎటూ తేల్చుకోలేని మాట దగ్గర ఎక్కువసార్లు వచ్చినదాన్నే ఉంచేస్తే పని తగ్గుతుంది.

చెత్త కూడా వస్తుంది. ఫలాలు అన్న అచ్చ మాట ఉంటే అదీ ఫైలు గుంపులోకే వచ్చి కూర్చుంటుంది. వాటి, వీటి, వేటి ఒక గుంపవుతాయి. వాటిని దాటేసి చదవాలి. చిన్న అస్థిపంజరాల్ని వదిలేస్తే చెత్త తగ్గుతుంది కదా అనిపిస్తుంది గానీ, ఫైలు, కారు, సీటు, టీం లాంటి పొట్టి మాటల్లోనే గందరగోళం ఎక్కువ. వదలొద్దు.

ఈ ముక్కకు పట్టుబడనివి మూడున్నాయి. మొదటిది ఖాళీ. వెబ్ సైట్ అని విడగొట్టి రాస్తే అది రెండు మాటలు, వెబ్‌సైట్ ఒకే మాట. రెండూ ఒక గుంపులో పడవు. అందుకని వెబ్, ఆన్, సాఫ్ట్, హార్డ్ లాంటి ముందు ముక్కల్ని విడిగా వెతకాలి. రెండోది హల్లే మారిపోయిన మాట, ఎగ్జామ్, ఎక్సామ్ లాంటిది. మూడోది కొంచెం కొంటె వ్యవహారం: సున్న బదులు తెలుగు అంకె సున్న. బ్యాంకు, బ్యా౦కు చూపుకు కవలలు. వ్యాసంలో తెలుగు అంకెలు వాడకపోతే ౦ కోసం ఒకసారి వెతకండి, దొరికినవన్నీ తప్పులే.

ఇప్పుడు మార్చడం. మీ రీప్లేస్ ఎందుకు చెడిందో ఊహించగలను. ఫైల్ తీసి ఫైలు పెట్టి అన్నీ మార్చు అన్నారనుకుందాం. ఏమవుతుందో చూడండి. ఫైల్స్ కాస్తా ఫైలుస్ అవుతుంది. ఫైల్ సిస్టం వెళ్లి ఫైలు సిస్టం అవుతుంది. ప్రొఫైల్ అన్న మాటలో చివరి భాగం అచ్చంగా ఫైలే కాబట్టి అది ప్రొఫైలు అవుతుంది. ఫైల్‌లో ఉన్నచోట ఫైలులో అని సరిగ్గానే కనిపిస్తుంది, కానీ లుకూ లోకూ మధ్య ఆ కనిపించని అక్షరం అలాగే ఉండిపోతుంది. ఆ తర్వాత ఫైలులో అని వెతికితే దొరక్కపోవచ్చు. ఫైల్‌లు ఉన్నచోట ఫైలులు పుడుతుంది. ఫైళ్ళు మాత్రం ముట్టుకోకుండా మిగిలిపోతుంది, ఎందుకంటే అందులో లకారం లేదు. విచిత్రం ఏమిటంటే, వత్తుతో రాసిన ఫైల్లో ఒక్కటే చక్కగా ఫైలులో అయి కూర్చుంటుంది. మొదట చూసింది అదే అయితే అంతా బాగుందనుకుని సేవ్ చేస్తాం.

కాబట్టి వరస ముఖ్యం. ముందు బహువచనాలు, తర్వాత ప్రత్యయాలు, చివర విడి మాట.

బహువచనంలో ఫైళ్ళ అన్నదాన్ని ఫైళ్లగా మార్చడానికి అన్నీ మార్చు నొక్కవచ్చు. ఫైళ్ళు, ఫైళ్ళలో, ప్రొఫైళ్ళు అన్నీ దానితోనే సర్దుకుంటాయి, చెడేదేమీ లేదు. ఫైల్స్‌ను మాత్రం ఒక్కొక్కటిగా చూసి మార్చాలి. విడిగా ఉంటే ఫైళ్లు, ప్రత్యయం ఉంటే ఫైళ్లలో, ఫైళ్లకు. ఆ లు, ల తేడా యంత్రానికి తెలియదు. ఫైల్‌లు, ఫైల్‌లను లాంటివీ అంతే. ఇక్కడ ఒక గొయ్యి ఉంది, అందులో పడనివాళ్లు తక్కువ. ఫైల్‌ల అని వెతికి ఫైళ్ల పెడదామనిపిస్తుంది. కానీ కంప్యూటర్ లెక్కలో లో అంటే ల తర్వాత ఓత్వం గుర్తు. అంటే ఫైల్‌లో అన్న మాట మొదట్లోనే ఫైల్‌ల ఉంది. అన్నీ మార్చు కొడితే ఏకవచనాలన్నీ ఫైళ్లో అయిపోతాయి. తెలుగులో ఏ అక్షరాన్ని వెతికినా దాని గుణింతమంతా దొరుకుతుందన్నది గుర్తుంటే ఇలాంటివి ముందే కనిపెట్టవచ్చు.

బహువచనాలు అయిపోయాక, ఫైల్ పక్కన U+200C ఉన్న చోట్లన్నీ ఏకవచన ప్రత్యయాలే మిగులుతాయి. ఇప్పుడు ఫైల్, దాని పక్క కనిపించని అక్షరం రెండింటినీ కలిపి తీసి ఫైలు పెట్టాలి. లిబ్రె ఆఫీస్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు ఆన్ చేసి ఇలా వెతకవచ్చు:

```
(?<![\u0C00-\u0C7F])ఫైల్\u200C
```

ముందున్న ఆవరణ ముక్కకు అర్థం, ఫైల్‌కు ఎడమపక్క తెలుగు అక్షరం ఉండకూడదని. ప్రొఫైల్ దాంతో బతికిపోతుంది. దీనికి అన్నీ మార్చు నొక్కవచ్చు. వత్తుతో రాసిన ఫైల్లో, ఫైల్ను, ఫైల్కు ఏమైనా ఉంటే తర్వాత వాటి సంగతి చూడండి. చివరికి విడిగా మిగిలిన ఫైల్ దగ్గర మాత్రం ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లాలి, జంట మాటలు అక్కడే ఉంటాయి కాబట్టి. విసుగే, కానీ అప్పటికి మిగిలేవి కొన్నే.

ఒక మాట పూర్తయ్యాక పైథాన్ ముక్క మళ్లీ నడపండి. ఫల గుంపులో జాబితాలో రాసుకున్న రూపాలే ఉండాలి: ఫైలు, ఫైలులో, ఫైళ్లు, ఫైళ్లలో, ఫైలే, జంటల కోసం ఫైల్. ఇంకోటి కనిపిస్తే అది జారిపోయినది. అది శుభ్రమయ్యాకే తర్వాతి మాటకు వెళ్లండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది ఎక్కడ చెడిందో పట్టుకోలేరు.

ముట్టుకోకూడనివి: ఇతరుల మాటలు ఉన్నదున్నట్టు ఇచ్చిన చోట్లు, పుస్తకాల పేర్లు, ఒక సంస్థ తన పేరును తెలుగులో తానే రాసుకున్న తీరు. అందుకే మొత్తం వ్యాసం మీద అన్నీ మార్చు కొట్టేముందు కొటేషన్ గుర్తుల లోపల ఏముందో ఒకసారి చూసుకోవాలి. బొమ్మల్లో అచ్చైన మాటలు వెతుకులాటకు దొరకవు, వాటిని కళ్లతోనే చూడాలి.

ప్రచురించాక ఒక పరీక్ష చేయండి. వచ్చిన పేజీ నుంచి మొత్తం వ్యాసం కాపీ చేసి, అదే ముక్కను దాని మీద నడపండి. కొన్ని ప్రచురణ సాఫ్ట్‌వేర్లు కనిపించని అక్షరాల్ని చెత్త అనుకుని ఊడ్చేస్తాయి. అలా జరిగితే జాబితాలో `\u200c` ఒక్కటీ కనిపించదు. పేజీ మీద చూసినా తెలుస్తుంది: సాఫ్ట్‌వేర్‌లో వకారం పక్కన ఉండాల్సింది ట కింద వత్తుగా వేలాడుతుంది. అలాంటి చోట ప్రచురించక తప్పదంటే పొల్లు గుంపును వీలైనంత కుదించండి. సర్వరులో, ఎడిటరుకు అని ప్రత్యయం ముందు మాత్రం ఉకారం తెచ్చుకుని, విడిగా సర్వర్, ఎడిటర్ అనే ఉంచితే వ్యాసం చెడదు. జాబితాలో రెండో గడి మారుతుంది, అంతే. సాఫ్ట్‌వేర్ లాంటి మాటలకు ఆ ఉపాయం పనిచేయదు. వాటిని సాఫ్ట్ వేర్ అని ఖాళీ పెట్టి రాయడం తప్ప దారి లేదు, పెడితే అన్నిచోట్లా పెట్టాలి.